కొన్న తేదీయా, చెడిన తేదీయా, కాదన్న తేదీయా: ఫిర్యాదు లేఖలో గడువు దేని నుంచి లెక్కేస్తే మేలు?

హన్మకొండ చౌరస్తాలో ఏ ఎలక్ట్రికల్ షాపుకెళ్లినా బిల్లు అడుగున ఒక ముద్ర కనిపిస్తుంది: ‘ఏడు రోజుల తర్వాత ఫిర్యాదులు స్వీకరించబడవు’. చాలామంది దాన్నే చట్టం అనుకొని వెనక్కి తిరుగుతారు. అది షాపు పెట్టుకున్న గడువు మాత్రమే. పాడైన వస్తువును వెనక్కి తీసుకొని డబ్బు ఇవ్వడానికి బిల్లుపై గడువేమీ రాయకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 30 రోజులు ఇస్తోంది. ఆలోగా కాదంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ఏడు రోజుల ముద్ర ఉన్నా, ఆ తర్వాత బయటపడిన లోపంపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు దానితో పోదు.

కమిషన్‌కు వెళ్లే గడువు వేరు. అదే చట్టం 69వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుకు కారణం పుట్టిన తేదీ నుంచి రెండేళ్లు. ‘కొన్న తేదీ నుంచి’ అని అందులో లేదు. ఆ కారణం ఎప్పుడు పుట్టిందన్న దగ్గరే పేచీ అంతా.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇంటి ఇన్వర్టర్‌కు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీని 12.05.2022న కొన్నారు. కార్డుపై 36 నెలల ఉచిత మార్పిడి వారంటీ ఉంది, అంటే 11.05.2025 దాకా. 20.04.2024న బ్యాకప్ పూర్తిగా పడిపోయిందని ఫిర్యాదు చేశారు. మెకానిక్ బ్యాటరీ యాసిడ్ గాఢతను కొలిచే హైడ్రోమీటర్ పెట్టి జాబ్ కార్డులో రీడింగులు రాశాడు: ఐదు సెల్లుల్లో గ్రావిటీ 1.240 దగ్గర, ఒక్క సెల్లులో 1.120. చార్జింగ్ చేసి తిరిగిచ్చారు, మళ్లీ అదే తీరు. చివరికి 03.10.2024న కంపెనీ మెయిల్ పంపింది: ‘నీళ్లు సరిగా పోయలేదు, వారంటీ వర్తించదు.’

ఇప్పుడు మూడు తేదీలున్నాయి. కొన్న తేదీ నుంచి లెక్కేస్తే గడువు 12.05.2024తోనే అయిపోయింది. లోపం బయటపడిన తేదీ నుంచి 20.04.2026 దాకా, నిరాకరించిన తేదీ నుంచి 03.10.2026 దాకా ఉంటుంది. మొదలైన రోజును లెక్కలోకి తీసుకోరు, చివరి రోజు సెలవైతే మరుసటి పనిరోజు చెల్లుతుంది.

కొన్న తేదీ లెక్క ఈ సందర్భానికి పనికిరాదు. వారంటీ మూడేళ్లుండగా, రెండేళ్లకే హక్కు ముగిసిందంటే మూడో ఏడాది వారంటీకి అర్థమే ఉండదు. కొన్నరోజే తెలిసిన లోపాలకు మాత్రం ఈ తేదీయే అసలు తేదీ: డబ్బాలో వేరే మోడల్ రావడం, ఎమ్మార్పీ మించి వసూలు చేయడం లాంటివి.

మిగిలిన రెండింటిలో ఏది మేలు? నిరాకరణ తేదీ ఎక్కువ సమయం ఇస్తుంది, న్యాయంగా కూడా కనిపిస్తుంది, ఎందుకంటే మార్చబోమని కంపెనీ తేల్చి చెప్పింది ఆ రోజే. కానీ అవతలి వకీలు ముందుగా పట్టుకునేది జాబ్ కార్డు తేదీనే. అందుకే మా సలహా ఇది: లేఖలో రెండు తేదీలూ రాయండి, వాదనకు నిరాకరణ తేదీని వాడండి, మీ క్యాలెండర్‌లో మాత్రం ముందొచ్చే 20.04.2026నే చివరి తేదీగా పెట్టుకోండి. ఆలోగా కేసు వేస్తే ఏ తేదీ సరైనదన్న వాదన మీకు అవసరమే రాదు.

ఇక్కడ ఎక్కువమంది దెబ్బతినేది ఒక నమ్మకం వల్ల. నోటీసు పంపితే గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుందని అనుకుంటారు. రాదు. లేఖలు, మెయిళ్లు ఎన్ని పంపినా రెండేళ్లు పెరగవు. ‘హెడ్డాఫీసుకు రాశాం, వచ్చే వారం చూద్దాం’ అంటూ ఏడాది లాగే షాపులకు ఈ సంగతి బాగా తెలుసు. గడువు సంగతి అవతలివాళ్లు ఎత్తకపోయినా కమిషనే చూడాలని 2009లో బి.ఎస్. అగ్రికల్చరల్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వాళ్లు పట్టించుకోకపోవచ్చులే అనే ధీమా కూడా పనికిరాదు.

ఇక లేఖలో మాటలు. కోపంలో ‘కొన్న ఆరు నెలల నుంచే సతాయిస్తోంది’ అని రాసేస్తారు. ఆ ఒక్క వాక్యంతో లోపం తెలిసిన తేదీ 2022 నవంబరుకు వెళ్తుంది, గడువు 2024 నవంబరుతో ముగిసిందనే వాదనకు దారి దొరుకుతుంది. నిజాన్ని దాచమని కాదు, కొలిచి రాయమని. అప్పట్లో బ్యాకప్ కాస్త తగ్గినట్టు అనిపించి ఉంటే అంతే రాయండి, షాపువాళ్లు అప్పుడేమన్నారో రాయండి, లోపమని తేలింది ఏ పరీక్షతో, ఏ తేదీనో రాయండి.

ఇంకో పొరపాటు, ‘20.04.2026లోపు కోర్టుకు వెళ్తాను’ అని గడువు తేదీని లేఖలోనే చెప్పేయడం. ఎన్నాళ్లు లాగితే చాలో వాళ్లకు మనమే చెప్పినట్టవుతుంది, పైగా నిరాకరణ తేదీ లెక్కను మనమే వదులుకున్నట్టు కనిపిస్తుంది. చట్టం గడువును పేరుతో చెబితే చాలు, అంకె వేయాల్సింది వాళ్ల జవాబుకు ఇచ్చే రోజులకే. ‘వీలైనంత త్వరగా’ అన్నా లాభం లేదు, 15 రోజులు అని రాయండి. ఇలా ఉండొచ్చు:

‘12.05.2022న మీ వద్ద కొన్న బ్యాటరీకి (బిల్లు నకలు జతచేశాను) ఉచిత మార్పిడి వారంటీ 11.05.2025 వరకు ఉంది. లోపాన్ని 20.04.2024న, అంటే వారంటీలోనే తెలిపాను. జాబ్ కార్డు ప్రకారం ఒక్క సెల్లులోనే గ్రావిటీ పడిపోయింది. 03.10.2024 నాటి మెయిల్‌లో మీరు మార్పిడికి నిరాకరించారు. ఈ లేఖ అందిన 15 రోజుల్లో బ్యాటరీ మార్చండి, లేదా డబ్బు తిరిగి ఇవ్వండి. లేనిచో వినియోగదారుల రక్షణ చట్టం, 2019, 69వ సెక్షన్ ఇచ్చిన గడువులో జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. ఈ లేఖ వల్ల నా హక్కులేవీ వదులుకున్నట్టు కాదు.’

ఒక్క సెల్లు మాట ఊరికే పెట్టలేదు. నీళ్లు పోయకపోతే మామూలుగా ఆరు సెల్లులూ దెబ్బతింటాయి, ఒక్కటే పడిపోయిందంటే కంపెనీ సాకుకు బలం తగ్గుతుంది.

లేఖను షాపుకూ కంపెనీకీ విడివిడిగా స్పీడ్ పోస్టులో పంపి, రసీదుతో పాటు డెలివరీ వివరం ప్రింటు తీసి పెట్టుకోండి. బిల్లు కొన్నరోజే జిరాక్స్ తీయించాలి, ఎందుకంటే థర్మల్ కాగితంపై అచ్చు కొన్ని నెలలకే వెలిసిపోతుంది, తేదీ కనపడని బిల్లుతో ఈ లెక్కలేవీ నిలబడవు.

వస్తువు హైదరాబాద్‌లో కొన్నా, మీరు ఉండేది వరంగల్‌లో అయితే ఇక్కడి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. ఫిర్యాదులో గడువు గురించి ఒక పేరా విడిగా ఉండాలి, లేఖలోని తేదీలే అందులోనూ ఉండాలి.

రెండేళ్లు దాటిపోతే 69(2) కింద ఆలస్యం మన్నించమని వేరే దరఖాస్తు, ప్రమాణపత్రంతో వేయాలి. ఆసుపత్రిలో ఉన్న రోజుల కాగితాల వంటి ఆధారం చూపితే వింటారు, ‘కంపెనీ జవాబు కోసం ఎదురుచూశాను’ అన్నది ఒక్కటే కారణమైతే నిలవడం కష్టం.