ఓటీజీ కోసం 'ఓవెన్ క్లీనర్' స్ప్రే కొంటున్నారా? ముందు సీసా వెనక చదవండి

ఆన్‌లైన్‌లో ఓవెన్ క్లీనర్ అని వెతికితే వచ్చే నురగ స్ప్రేలలో ఒకటి తెప్పించాను. అమ్మకం పేజీలో 'అన్ని రకాల ఓవెన్లకు, ఓటీజీకి కూడా' అని పెద్దక్షరాల్లో ఉంది. మా ఓటీజీలో, అంటే చిన్న కరెంటు ఓవెన్లో, తందూరీ చికెన్ నూనె చిట్లి, మాడి, గోడలకు తారులా అంటుకుపోయింది. సీసా మీద చెప్పినట్టే ప్లగ్ తీసి, చల్లారాక గోడలకు కొట్టి, ఇరవై నిమిషాలు ఆగి తుడిచాను. జిడ్డు పోయిన మాట నిజమే. కానీ దాంతోపాటు గోడల మెరుపూ పోయి బూడిదరంగు మచ్చలు తేలాయి. మర్నాడు స్విచ్ వేయగానే ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, పడిపోయింది. మళ్ళీ ఎత్తితే మళ్ళీ పడింది.

సీసా వెనక చీమతలకాయంత అక్షరాల్లో సోడియం హైడ్రాక్సైడ్ అని, 'అల్యూమినియం మీద వాడరాదు' అని ఉంది. అదే కాస్టిక్ సోడా. చాలా ఓటీజీల లోపలి గోడలు అల్యూమినియం పూత పూసిన ఇనుప రేకుతో చేస్తారు. కాస్టిక్ ఆ పూతను తినేస్తుంది. పెద్ద పింగాణీ పూత ఓవెన్లకు పనికొచ్చే మందును ఓటీజీకి అంటగట్టి అమ్ముతున్నారన్నమాట.

రాడ్ల సంగతి వేరు. మామూలు ఓటీజీ రాడ్ అంటే బయట స్టీల్ గొట్టం, మధ్యలో నిక్రోమ్ తీగ చుట్ట, రెండింటికీ మధ్య దట్టించిన తెల్లటి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. కరెంటు గొట్టానికి అంటకుండా కాపాడేది ఆ పొడే. పొడిగా ఉన్నంతకాలం దానికి ఢోకా లేదు. అయితే దానికి తేమ పీల్చే గుణం ఉంది. నురగ గోడ మీంచి జారి, రాడ్ పక్కగోడలోకి దూరే చోట చివర్ల దగ్గర చేరింది, అక్కణ్ణుంచి లోపలికి ఇంకింది. మెకానిక్ కరెంటు లీకేజీ పట్టిచ్చే మెగ్గర్ అనే మీటరు పెట్టి చూసి కింది రాడ్ లీక్ అవుతోందని తేల్చాడు. ఆర్‌సీసీబీ లేని ఇళ్ళలో ఇది ఇంకా ప్రమాదం. ఇంత చిన్న లీకేజీకి ఎంసీబీ పడదు, ఓటీజీ బాడీ ముట్టుకుంటే జివ్వుమని షాక్ కొట్టొచ్చు. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే మరీను.

సీసా విప్పారు కాబట్టి వాపసు లేదన్నాడు అమ్మినవాడు. రసాయనాలు వాడితే వారంటీ రాదన్నారు ఓటీజీ వాళ్ళు, వాళ్ళ పుస్తకంలో అలాగే రాసి ఉంది. అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్నాను కాబట్టి 1915 కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. మీరూ కొనేటప్పుడే ఆ పేజీ ఫొటో తీసుకోండి, తర్వాత మార్చేస్తారు.

మరి జిడ్డు ఎలా వదిలించాలి? స్ప్రే అవసరమే లేదు. ప్లగ్ పీకి, పూర్తిగా చల్లారనిచ్చి, గ్రిల్, ట్రే, కింద ముక్కలు రాలే పళ్ళెం బయటికి తీయండి. మూడు చెంచాల వంటసోడాకి ఒక చెంచా నీళ్ళు కలిపితే జారిపోని ముద్ద అవుతుంది. అది వేలితో గోడల మీద పూయండి. రాడ్ల మీద, అవి గోడలోకి దూరే చోటుకు రెండు వేళ్ళ దూరంలోపు వద్దు. రాత్రంతా ఉంచమని చాలామంది చెబుతారు, అల్యూమినియం పూత గోడలకు అరగంట చాలు. ఎక్కువసేపు ఉంటే వంటసోడా కూడా మచ్చ వేస్తుంది. బట్టల సోడా అసలు వద్దు, దాని ఘాటు చాలా ఎక్కువ.

తర్వాత పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకితే మెత్తబడిన జిడ్డు పొరలుగా లేస్తుంది. గట్టిగా పిండిన తడిగుడ్డతో నాలుగైదు సార్లు తుడవండి. గుడ్డ మీద వేసుకోవాలి తప్ప నీళ్ళు లోపల చల్లకూడదు. స్టీల్ పీచు జోలికి పోకండి. గోడ గీతలు పడటం ఒకెత్తు, తెగిన పీచు ముక్క రాడ్ చివర టెర్మినల్ దగ్గర పడితే షార్ట్ అవడం ఇంకో ఎత్తు.

రాడ్ల మీది జిడ్డును రుద్దక్కర్లేదు. కిటికీ తెరిచి, ఖాళీ ఓటీజీని 200 డిగ్రీల్లో పదిహేను నిమిషాలు వేస్తే దానంతటదే కాలిపోతుంది, కాస్త పొగ వస్తుంది. అయితే ఇది గోడలు తుడిచి, లోపల బాగా ఆరాకే. మీ ఓటీజీలో గాజులా కనిపించే క్వార్ట్జ్ రాడ్లుంటే వాటిని కదపకండి, చటుక్కున విరుగుతాయి.

ఇప్పటికే ఇలాంటి స్ప్రే కొట్టేసి ఉంటే, దాన్ని కాల్చి వదిలిద్దామని ఆన్ చేయకండి. మిగిలిన కాస్టిక్ వేడికి ఘాటైన ఆవిరి వస్తుంది, ముక్కు, కళ్ళు మండుతాయి. రబ్బరు గ్లవ్స్ వేసుకుని, పిండిన తడిగుడ్డ మారుస్తూ జారుడు పోయేదాకా తుడవండి. రాడ్ చివర్ల దగ్గర తెల్లటి పొడిగానీ పచ్చటి చిలుముగానీ కనిపిస్తే ప్లగ్ పెట్టకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి మెగ్గర్ పరీక్ష చేయించండి.