గింప్‌లో గ్రెయిన్ మోడ్‌లు: పాత గ్రూపు ఫొటోలో ముఖం మార్చే పనికి ఎంతవరకు పనికొస్తాయి

చెన్నైలో మన తెలుగు ఇళ్లనుంచి వచ్చే పాత ఫొటోల్లో ఎక్కువగా అడిగే పని ఒకటే. గ్రూపులో అమ్మమ్మ కళ్లు మూసుకుని ఉంది, ఆ కాలందే ఇంకో ఫొటోలోంచి ముఖం తెచ్చి పెట్టాలి. ఈ పనికి చాలా కాలంగా గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్ వాడుతున్నాను. వదలకపోవడానికి ముఖ్య కారణం `Grain extract`, `Grain merge` అనే రెండు లేయర్ మోడ్‌లు.

ఫిల్మ్ ఫొటోలో కనిపించే సన్నని చుక్కలే గ్రెయిన్. తెచ్చిన ముఖంలో అది చుట్టుపక్కల గ్రెయిన్‌తో కలవకపోతే అతికించిన సంగతి తెలిసిపోతుంది. అందుకని `RGB Noise` ఫిల్టర్‌తో చుక్కలు చల్లితే పని కాదు. అది ఒక్కో పిక్సెల్‌ని విడివిడిగా మారుస్తుంది. 600 డీపీఐ స్కాన్‌లో ఫిల్మ్ గ్రెయిన్ మాత్రం కొన్ని పిక్సెళ్ల వెడల్పున ముద్దలుగా ఉంటుంది. బొంబాయి రవ్వ ఉన్నచోట మైదా చల్లినట్టు తేడా తెలిసిపోతుంది. ఆ ఫొటో గ్రెయిన్‌నే తీసి ఆ ఫొటోలోనే వాడుకోవడం ఈ మోడ్‌ల గొప్పతనం.

అయితే ముందు టోన్ సరిచేయాలి. ఒక ఉదాహరణ. నలుపుకి 0, తెలుపుకి 255 అనే కొలతలో, గ్రూపులో పక్కనున్నావిడ జుట్టు 42, నుదురు 178 చూపిస్తున్నాయి. తెచ్చిన ముఖంలో జుట్టు 12, నుదురు 214. `Curves`లో 12ని 42కి, 214ని 178కి తేవాలి. చెంప నీడవైపు 130 ఉంటే, పక్కావిడ చెంప చూసి 112కి దించాలి. ఈ మధ్య చుక్క పెట్టకపోతే ముఖం చదునుగా, పొగపట్టినట్టు కనిపిస్తుంది. కాంట్రాస్ట్ తగ్గినప్పుడు ఆ ముఖంలోని గ్రెయిన్ కూడా తగ్గుతుంది. గ్రెయిన్ సంగతి ఆ తర్వాతే చూడాలనడం అందుకే. ఇంకోటి, తెచ్చే ముఖం కావలసినదానికంటే పెద్దదిగా ఉండాలి. చిన్న ముఖాన్ని సాగదీస్తే దాని గ్రెయిన్ కూడా సాగి మచ్చలవుతుంది.

గ్రెయిన్ తీయడానికి స్టూడియో వెనక తెర మంచి చోటు. చెంపకు దగ్గరి బూడిదరంగు ఉన్న భాగం ఎంచుకోవాలి, ఎందుకంటే తెల్లచీరలోనూ నల్లజుట్టులోనూ గ్రెయిన్ సరిగా కనబడదు. లేయర్‌కి కాపీ తీసి, పైదానికి 4 పిక్సెళ్ల `Gaussian Blur` ఇచ్చి, మోడ్ `Grain extract` చేసి, `New from Visible` నొక్కాలి. జరిగే లెక్క ఇదీ:

```
grain  = scan - blur + 128
result = face + grain - 128
```

వచ్చిన లేయర్ సమమైన బూడిదరంగులో చుక్కలతో ఉండాలి. తెర మడతలు కనిపిస్తే బ్లర్ ఎక్కువైనట్టు. ముఖానికి సరిపడా ముక్క కోసి, ముఖం మీద పెట్టి మోడ్ `Grain merge` చేయాలి. రెండు లేయర్లనూ ఒక లేయర్ గ్రూపులో పెట్టి, మాస్క్ ఆ లేయర్ గ్రూపుకే వేయాలి.

ఎంత గ్రెయిన్ కావాలో కంటితో తేల్చకండి. కలిపిన చిత్రాన్ని కొత్త లేయర్‌గా తీసి, రెండు చెంపల మీదా నీడ మారని చిన్న చదరాలు ఎంచుకుని `Histogram`లో గ్రెయిన్ బలాన్ని చూపే `Std dev` చూడండి. పక్కావిడకు 6.5, కొత్త ముఖానికి 8 వస్తే గ్రెయిన్ లేయర్ ఒపాసిటీ 80 దగ్గరకు దించి మళ్లీ కొలవండి, ముఖంలో సొంత గ్రెయిన్ మిగిలి ఉంటే ఇంకా దించాల్సి వస్తుంది.

ఇన్ని చేసినా ఒక చిక్కు బాగా విసిగిస్తుంది. అంచు మెత్తగా ఉండాలని మాస్క్‌ని 20 పిక్సెళ్లు ఫెదర్ చేస్తే ముఖం చుట్టూ నున్నటి వలయం వస్తుంది. టోన్ అంతా సరిగ్గానే ఉంటుంది, అయినా ముఖం అతికించినట్టే ఉంటుంది. ఆ పట్టీలో సంబంధం లేని రెండు గ్రెయిన్‌లు సగం సగం కలుస్తాయి. ఒకదాని చుక్కలు రెండోదాని చుక్కల్ని కొంత రద్దు చేసి, గ్రెయిన్ బలం దాదాపు 70 శాతానికి పడిపోతుంది. వంద శాతం జూమ్‌లో, తాత్కాలికంగా పైన నిటారు `Curves` వేసిన కాపీ పెట్టి చూస్తే వలయం స్పష్టంగా బయటపడుతుంది. ఫెదర్‌ని 3 పిక్సెళ్లకు తగ్గించి, అతుకుని నుదుటి మధ్యలోంచి కాకుండా పాపిట పక్క జుట్టులోంచి, చెవి వెనకనుంచి, మెడ నీడలోంచి పోనివ్వాలి. నలుపులో గ్రెయిన్ కనబడదు కాబట్టి అతుకూ దాక్కుంటుంది.

పైన మెచ్చుకున్నదంతా నున్నటి కాగితం మీది ప్రింట్లకే. తేనెపట్టు గరుకున్న కాగితమైతే గ్రెయిన్‌తో పాటు ఆ గళ్లూ లేచి వస్తాయి. అప్పుడు ముక్కని తిప్పకూడదు, కింది గళ్ల వరసకి పిక్సెల్ పిక్సెల్‌గా జరిపి కుదర్చాలి. కుదరడం అరుదు. దుకాణంలో గట్టిగా కుదించి ఇచ్చిన జేపెగ్ స్కాన్ అయితే గ్రెయిన్‌కి బదులు ఎనిమిది పిక్సెళ్ల చదరాలు వస్తాయి. టిఫ్‌లో మళ్లీ స్కాన్ చేయించుకోవాలి.

నా దగ్గర ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంది, ఒక్కో ఫొటో మీద ఒక సాయంత్రం పెట్టగలను, అందుకే ఈ పద్ధతి నాకు సరిపోయింది. నెగెటివ్ దొరికే ఇంట్లో అయితే ముందు అదే స్కాన్ చేయించండి. పక్క ఫ్రేమ్‌లోనే కళ్లు తెరిచిన ముఖం ఉంటే, గ్రెయిన్ ఒకే రీలుది కాబట్టి ఈ పనిలో సగం అక్కర్లేకపోవచ్చు.