స్లాబు కారుతోంది: ఓనర్‌కి వాట్సాప్ మెసేజా, క్లాజు నంబరు వేసిన ఉత్తరమా? ఏది మేలు?

పోయిన జులైలో మా బెడ్‌రూమ్ స్లాబు కారడం మొదలైంది. హైదరాబాద్‌లో రెండో అంతస్తు పోర్షన్, పైన డాబా తప్ప ఇంకేం లేదు, కిరాయి నెలకి 14,000. ఓనర్‌కి నేను రెండు రకాలుగా రాశాను, ముందు వాట్సాప్‌లో, మూడు వారాల తర్వాత సంతకం పెట్టిన కాగితం మీద. ఒకే ఇల్లు, ఒకే ఓనర్, ఒకే కారుడు. అందుకే రెండిటికీ తేడా బాగా తెలిసింది.

మొదటి మెసేజ్ ఇది: "అంకుల్ నమస్తే, బెడ్‌రూమ్‌లో వాన నీళ్లు కారుతున్నాయి, కొంచెం చూడండి." "సరేనమ్మా, చూద్దాం" అన్నారు. వారం ఆగి మళ్లీ పెడితే "వానలు తగ్గనీ" అన్నారు. మూడోసారికి "మెయింటెనెన్స్ మీదే అని అగ్రిమెంట్‌లో ఉంది కదమ్మా" అని వచ్చింది. అప్పుడు నిజంగా టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే సంతకం పెట్టిన రోజు తర్వాత ఆ అగ్రిమెంట్ నేను తీసి చూసింది లేదు.

తీసి చూస్తే మెయింటెనెన్స్ అనే మాట రెండు చోట్ల ఉంది. ఒకచోట నెలనెలా కట్టే మెయింటెనెన్స్, అంటే నీళ్ల మోటారు కరెంటు, మెట్లు ఊడ్చే మనిషి జీతం. అది నాదే, కడుతున్నాను. ఇంకోచోట, ఏడో క్లాజులో, కుళాయి, బల్బు, స్విచ్చు లాంటి చిన్న రిపేర్లు కిరాయికి ఉన్నవాళ్లవి, స్లాబు, గోడలు, డ్రైనేజీ లాంటి పెద్ద రిపేర్లు ఓనర్‌వి అని రాసి ఉంది. అంకుల్ అబద్ధం ఆడలేదు, మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది మర్చిపోయారు. చాలా ఇళ్లలో గొడవ ఇక్కడే మొదలవుతుంది, అందుకని ఉత్తరంలో "అగ్రిమెంట్ ప్రకారం" అని గాలికి వదిలేయకుండా క్లాజు నంబరు వేసి, ఆ వాక్యం ఇంగ్లీషులో ఉంటే ఇంగ్లీషులోనే, ఒక్క మాట మార్చకుండా ఎక్కించాలి.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా ముందే చూసుకోవాలి. వాన పడిన కొన్ని గంటలకి చుక్కలు మొదలై, ఎండ కాసిన రెండు రోజులకి ఆగిపోతే నీళ్లు డాబా మీద నుంచి వస్తున్నట్టే అనుకోవచ్చు. వాన లేకపోయినా తడి ఆరకపోతే ట్యాంకు పైపో, దగ్గర్లోని బాత్రూమో అనుమానించాలి. నేను పైకెక్కి చూస్తే వాన నీటి గొట్టం నోరు ఆకులతో మూసుకుపోయి ఉంది, పిట్టగోడ స్లాబుతో కలిసే మూలలో గోరు దూరేంత పగులు. సరిగ్గా దాని కిందే మా ఫ్యాన్. (ఫ్యాన్ కొక్కెం దగ్గర నీళ్లు కనిపిస్తే ముందు ఆ గదికి కరెంటు ఆపేయండి, ఉత్తరం తర్వాత రాయొచ్చు.) పెచ్చులు ఊడి చువ్వల తుప్పు రంగు కనిపిస్తే ఆ మాట ఉత్తరంలో పైనే రాయాలి, అది పెయింటుతో పోయే పని కాదు.

ఇక రెండోది, నేను పంపిన ఉత్తరం:

"అంకుల్‌కి నమస్కారం. జులై 4 నుంచి బెడ్‌రూమ్ స్లాబు తూర్పు మూల నుంచి, ఫ్యాన్ పక్కన, వాన పడిన ప్రతిసారీ నీళ్లు కారుతున్నాయి. ఈ సంగతి మీకు జులై 5, 12, 20 తేదీల్లో వాట్సాప్‌లో చెప్పాను. డాబా మీద పిట్టగోడ మూలలో పగులు ఉంది, నీటి గొట్టం మూసుకుపోయింది, ఫొటోలు జత చేశాను. మన అగ్రిమెంట్ ఏడో క్లాజు ప్రకారం స్లాబు రిపేర్ మీరు చేయించాలి, ఆ క్లాజు కింద యథాతథంగా రాశాను. మూడు రోజుల్లో గొట్టం శుభ్రం చేయించి, పగులు మీద టార్పాలిన్ కప్పించండి. వాన తెరిపి ఇచ్చి స్లాబు ఆరాక 15 రోజుల్లో పగులు పూడ్పించి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించండి. పనివాళ్లు ఏ రోజు వచ్చినా తలుపు తీస్తాను, ముందురోజు ఒక ఫోన్ చేస్తే చాలు. కిరాయి ఎప్పటిలాగే 5వ తేదీకి వేస్తాను."

గడువు రెండు ముక్కలుగా ఎందుకంటే, చాలా రకాల కోటింగులు తడి స్లాబు మీద పట్టవు, పొరలా లేచిపోతాయి. "వానలు తగ్గనీ" అన్న మాటలో అందుకే సగం న్యాయం ఉంది. ఆ సగం ఒప్పుకుని రాసేసరికి, మిగతా సగానికి, అంటే టార్పాలిన్‌కి, గొట్టానికి ఆయన దగ్గర వాయిదా లేకుండా పోయింది.

మరి ఏది మేలు? మొదటి రెండు మూడు రోజులకి వాట్సాపే మేలు. మాట చెడదు, తేదీ రికార్డవుతుంది, నేను ఉత్తరంలో వేసిన మూడు తేదీలూ అక్కడివే. కానీ రెండోసారి కూడా "చూద్దాం" అన్నారంటే ఇంకో మెసేజ్ దండగ, కాగితమే రాయాలి. స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకుని, అదే ఉత్తరం ఫొటో వాట్సాప్‌లో పెట్టాను. ఒకే ఊళ్లో ఉంటూ పోస్టులో పంపితే కోపం వస్తుందేమోనని, "మీ దగ్గర కాగితం ఉంటే మేస్త్రీకి చూపించడానికి వీలుగా ఉంటుందని పంపాను" అని ఒక ఫోన్ కూడా చేశాను.

కిరాయి ఆపేస్తే దిగొస్తారని మా బంధువులు ఇద్దరు చెప్పారు. అది మాత్రం వద్దు. కిరాయి ఆపితే తప్పు మన వైపుకి మారుతుంది, స్లాబు సంగతి పక్కకిపోయి బాకీ సంగతి ముందుకొస్తుంది. దానికంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108లోని ఎఫ్ క్లాజు గట్టిది: ఓనర్ చేయాల్సిన రిపేర్‌ని, నోటీసు ఇచ్చాక తగినంత సమయంలో చేయించకపోతే, కిరాయిదారు తనే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా కిరాయిలో తగ్గించుకోవచ్చు. ఇందులో "ఓనర్ చేయాల్సిన" అన్న మాటే కీలకం. ఆ బాధ్యత ఎవరిదో చూపించేది మన అగ్రిమెంట్ క్లాజే. పైగా అగ్రిమెంట్‌లో దీనికి విరుద్ధంగా రాసుకుని ఉంటే ఈ సెక్షన్ మనకి పనికిరాదు. మీ అగ్రిమెంట్‌లో "అన్ని రిపేర్లూ కిరాయిదారువే" అని ఉంటే నా ఉత్తరం మీకు నప్పదు, అప్పుడు మాట్లాడుకుని ఖర్చు పంచుకోవడమే దారి.

ఈ తగ్గింపు మాట నేను మొదటి ఉత్తరంలో రాయలేదు, కావాలనే. గడువు దాటితే రెండో ఉత్తరంలో ఇద్దరు మేస్త్రీల ఎస్టిమేట్లు జతచేసి రాద్దామనుకున్నాను, నాకు వచ్చినవి 11,000, 13,500. అంత ఖర్చుకి లాయరు నోటీసుతో మొదలుపెట్టడం నాకైతే సరికాదనిపించింది. దానికి ఫీజు అవుతుంది, పైగా 11 నెలల అగ్రిమెంట్ రెన్యువల్ దగ్గర పడుతుంటే ఖాళీ చేయమనే మాట రావచ్చు. రెండో ఉత్తరానికి కూడా ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు లాయరు.

ఉత్తరం చేరిన నాలుగో రోజు వాళ్ల అబ్బాయి టార్పాలిన్ పట్టుకుని వచ్చాడు, గొట్టంలోంచి ఒక బక్కెట్ ఆకులు తీశాడు. కోటింగ్ ఆగస్టు మూడో వారంలో తెరిపి దొరికినప్పుడు వేశారు. పని అయ్యాక డాబా మీద ఆ మూలలో మట్టితో చిన్న కట్ట కట్టి, ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి కింద చూశాం. చుక్క పడలేదు. ఆ ఫొటో కూడా తేదీతో అంకుల్‌కి పంపి, థాంక్స్ చెప్పాను.