ర్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు మెషిన్ నిమిషాలు మార్చి చూడండి

మాది బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు. లేత్‌లు మూడున్నాయి కానీ వీఎంసీ ఒక్కటే, నెలకు 200 గంటలకు మించి నడవదు. ఏ ఆర్డరు ముందు పట్టాలో చెబుతుందని ఖర్చులు లెక్కకట్టే ఒక సాఫ్ట్‌వేర్‌కు 28 వేలు కట్టాను. మూడు నెలలు దాని మాట విన్నాను. మీరు అలా మోసపోవద్దని రాస్తున్నాను.

నా దగ్గర మూడు ఐటమ్‌లు. అమ్మిన ధరలోంచి ముడిసరుకు, ఇన్సర్ట్‌లు, కరెంటు తీసేస్తే వాల్వ్ బాడీకి 900, ఫ్లాంజ్‌కు 400, బ్రాకెట్‌కు 150 రూపాయలు మిగులుతాయి. ఆపరేటర్ జీతం, షెడ్డు అద్దె ఎలాగూ కట్టాలి కాబట్టి వాటిని ఇందులో కలపలేదు. సాఫ్ట్‌వేర్ ఈ మిగులు చూసి వాల్వ్ బాడీకి మొదటి ర్యాంకు ఇచ్చింది. అయితే వీఎంసీ మీద వాల్వ్ బాడీ 90 నిమిషాలు తింటుంది. ఫ్లాంజ్‌కు 30, బ్రాకెట్‌కు 9 చాలు. గంటకు లెక్కేస్తే బ్రాకెట్ 1,000, ఫ్లాంజ్ 800, వాల్వ్ బాడీ 600. వరస మొత్తం తలకిందులు!

నెలకు 120 వాల్వ్ బాడీలు, 160 ఫ్లాంజ్‌లు, 400 బ్రాకెట్లు అడుగుతారు. అన్నీ చేయాలంటే 320 గంటలు కావాలి. సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు వాల్వ్ బాడీలన్నీ చేసి, మిగిలిన 20 గంటల్లో 40 ఫ్లాంజ్‌లు చేస్తే 1,24,000 వచ్చింది. బ్రాకెట్లు, ఫ్లాంజ్‌లు పూర్తిగా చేసి, చివరి 60 గంటలు 40 వాల్వ్ బాడీలకు ఇచ్చి ఉంటే 1,60,000 వచ్చేది. నెలకు 36 వేలు పోయాయి. బ్రాకెట్ల పార్టీ రెండు వారాలు ఎదురుచూసి, తన క్యాస్టింగ్‌లు ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు వీఎంసీ మీద వాల్వ్ బాడీయే బిగించి ఉంది.

అమ్మినవాళ్లను అడిగితే "సైకిల్ టైమ్ కాలమ్ ఉంది కదండీ" అన్నారు. ఉంది, కానీ రిపోర్టులో చూపించడానికే, ర్యాంకుకు దాంతో సంబంధం లేదు. డబ్బు తిరిగి ఇవ్వలేదు.

అందుకే డెమోలోనే మొదటి ర్యాంకు ఐటమ్ నిమిషాలను మూడింతలు చేయమని అడగండి. ర్యాంకు కదలకపోతే కొనకండి.

సెటప్ టైమ్ ఎక్కడ పోతోందో కూడా అడగండి. నా బ్రాకెట్ 9 నిమిషాల్లో 6 కటింగ్, 3 సెటప్ వాటా. 150 నిమిషాల సెటప్‌ను 50 ముక్కల లాట్‌కు పంచితే వచ్చిన లెక్క అది. అదే లాట్ 10 ముక్కలైతే ఒక్కోదానికి 21 నిమిషాలు పడుతుంది, గంటకు 430 కూడా రాదు, బ్రాకెట్ అట్టడుగుకు పోతుంది. ఇంకొకటి, వీఎంసీతో పాటు గ్రైండింగ్ కూడా ఇరుకైతే ఈ గంట లెక్క ఒక్కటే సరిపోదు. రెండు మెషిన్ల గంటల పరిమితినీ ఒకేసారి చూసి లెక్క కట్టాలి. అది చేస్తుందా అని అడిగి, మీ సొంత అంకెలతో చూపించమనండి.