ఏడు వారాల పాట: ఆరేళ్ళు పాడించాక నా మాట

కోనసీమలో ఒక చిన్న బడిలో ఎల్‌కేజీ పిల్లలకు చెబుతాను. వారాల పేర్లు నేర్పడానికి ఆరేళ్ళుగా ఒకటే పాట వాడుతున్నాను. నాకంటే ముందు ఆ తరగతి చూసిన మేడమ్‌గారు వెళ్ళిపోతూ ఇచ్చిన జిరాక్సు కాగితం అది. ఎవరు రాశారో దాని మీద లేదు. ఒక్కో వారానికి రెండు పాదాలు, చివర ప్రాస, ఆ తర్వాత ప్రతిసారీ ఇదే పాదం:

పదపద పదమని గోదారి!

ఈ ఒక్క పాదం కోసమే ఇన్నేళ్ళు ఆ కాగితం దాచుకున్నాను. నోట్లో పెట్టుకోగానే కరిగిపోయే మాటలు. అన్నీ చిన్న అక్షరాలు, చివర ‘గోదారి’ అని ఒక్క సాగతీత. మొదటి ఏడాది ఒక బాబు జూన్ నుంచి దసరా దాకా తరగతిలో పెదవి విప్పలేదు. అందరూ పాడుతుంటే కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవాడు. సెలవుల తర్వాత ఒకరోజు ‘మంగళవారం’ రెండు పాదాలు అయ్యాయో లేదో, వెనక నుంచి ‘గోదాఈ’ అని వినిపించింది. ఆ మర్నాడు ‘పదపద’ కూడా కలిపాడు. వారం పేరు రాకపోయినా పాటలో చేరడానికి చోటుంటుంది కదా, అదీ ఆ పాదం చేసే మేలు. పేరు గుర్తున్న పిల్లలకు అక్కడ ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. గుర్తులేని వాళ్ళకు పక్కవాడి మొహం చూసుకునే వ్యవధి దొరుకుతుంది.

మూడో ఏడాది దాకా ఈ పాట గురించి అడిగిన ప్రతివాళ్ళకూ ఇదే చెప్పాను. తర్వాత జరిగింది కూడా చెప్పాలి.

ఆ ఏడు నా తరగతిలో ఉన్న ఒక పాప వాళ్ళ నాన్న హైదరాబాదులో పనిచేసేవాడు. శుక్రవారం వస్తానని ఫోన్లో చెప్పాడట. బుధవారం బడి నుంచి ఇంటికెళ్ళి, ‘రేపే శుక్రవారం, నాన్న వచ్చేస్తాడు’ అని ఆ పిల్ల అందరికీ చెప్పేసింది. మర్నాడు పొద్దున్నే లేచి అరుగు మీద కూర్చుని, ఎంత పిలిచినా లోపలికి రాలేదట. మధ్యాహ్నం వాళ్ళమ్మ బడికి వచ్చింది. కోపంగా కాదు, బాధగానే అడిగింది: ‘టీచరుగారండీ, బుధవారం తరవాత శుక్రవారమని పాటలో ఉందంటండి. నేను కాదంటే నమ్మట్లేదండి, ఏడుస్తోంది.’

అలా ఎందుకుంటుంది అనుకుంటూనే ఆ సాయంత్రం తరగతి మొత్తం చేత పాడించాను. ఈసారి నేను గొంతు కలపలేదు, పెదవులు కూడా కదపలేదు. అప్పుడు వినిపించింది:

బుధవారం బెల్లం ముక్క
నాటామమ్మా బావి పక్క
పదపద పదమని గోదారి!

అక్కడి నుంచి నేరుగా శుక్రవారం. గురువారం పూర్తిగా మాయం. కాగితం మీద ఉన్నది ఇది:

బుధవారం బెల్లం ముక్క
పెదవికి అంటిన తీపి చుక్క

గురువారం కొబ్బరి మొక్క
నాటామమ్మా బావి పక్క

చదివే పెద్దవాళ్ళకు ఇందులో తప్పేమీ కనిపించదు. చప్పట్లు కొడుతూ పాడి చూడండి, తెలుస్తుంది. ‘బుధ’లో రెండు పొట్టి అక్షరాలు, ‘గురు’లోనూ రెండు పొట్టి అక్షరాలే. ఆ తర్వాత ‘బెల్లం ముక్క’, ‘కొబ్బరి మొక్క’ కూడా ఒకే తూకం. చివర నాలుగు చోట్లా ‘క్క’. ముక్క, చుక్క, మొక్క, పక్క. నాలుగేళ్ళ పిల్ల అర్థం పట్టుకుని పాడదు, చెవి పట్టుకుని పాడుతుంది. ‘ముక్క’ తర్వాత చెవికి ‘చుక్క’ ఎంతో ‘పక్క’ కూడా అంతే. ఒకరు జారితే పక్కవాళ్ళూ జారతారు, నెల తిరిగేసరికి అదే పాటైపోతుంది.

మరి నాకెందుకు తెలియలేదు? నేను ఇంతగా మెచ్చుకున్న ఆ పాదం వల్లే. రెండు పాదాలు అవగానే గది దద్దరిల్లేలా ‘పదపద పదమని గోదారి’ వస్తుంది. ఆరుసార్లు వచ్చినా ఏడుసార్లు వచ్చినా వినేవాళ్ళకు నిండుగానే ఉంటుంది. పైగా ప్రతి వారం వెనకా అదే మాట కాబట్టి, తర్వాత ఏది రావాలో అది చెప్పదు. ‘గోదారి’ తర్వాత గురువారం రావచ్చు, శుక్రవారమూ రావచ్చు. నేనూ గొంతు కలిపి పాడుతున్నన్నాళ్ళూ పిల్లలు నా పెదవులు చూసి సర్దుకున్నారు. మధ్యలో పది రోజులు నాకు గొంతు పోయి వాళ్ళ చేతే పాడించాను. జారింది అప్పుడే అయ్యుంటుంది.

ఇంట్లో పట్టుకోవాల్సిన వాళ్ళూ పట్టుకోలేకపోయారు. దానికి కారణం మా వాడుక. మా వైపు నాయనమ్మలు గురువారం అనరు, లక్ష్మివారం అంటారు. ఆ పాప వాళ్ళ ఇంట్లోనూ అంతే. ‘ఇవాళ లక్ష్మివారమే’ అని నాయనమ్మ అంటే, పాటలో లేని వారం ఎక్కడి నుంచి వచ్చిందని పాప అడిగిందట.

రెండు మార్పులు చేసుకున్నాను. ఒకటి, గురువారం పాదాలు మార్చేశాను:

గురువారం కొబ్బరి నీళ్ళు
చల్లగ తడిసిన చిట్టి వేళ్ళు

ప్రాస మారడంతో జారుడు చాలావరకు ఆగింది. రెండోది, గోదారి పాదానికి ఒక వేలు మడవడం. పాట ఆదివారంతో మొదలవుతుంది. చిటికెన వేలితో మొదలుపెడితే గురువారానికి బొటనవేలు మడుస్తాం, పిడికిలి మూసుకుంటుంది. శుక్రవారానికి రెండో చెయ్యి. శుక్రవారం అనేటప్పటికి ఏ పిల్లకైనా మొదటి చేతి బొటనవేలు ఇంకా నిలబడి ఉందంటే ఒక వారం పోయినట్టే. చూడగానే తెలిసిపోతుంది, వినక్కర్లేదు.

ఒకసారి సరదాకి ‘లక్ష్మివారం కొబ్బరి నీళ్ళు’ అని పాడించాను. అసలు తడబాటే లేదు. ‘లక్ష్మి’ బరువుగా మొదలవుతుంది, ‘బుధ’తో కలవదు. అయినా క్యాలెండర్‌లోనూ పుస్తకంలోనూ ఉండేది గురువారమే కాబట్టి పాటలో అదే ఉంచాను. రెండూ ఒకటేనని మాత్రం ప్రతి ఏడూ విడిగా చెబుతాను.

ఇంకా సరిచేయలేనిది మొదటి పాదం: ‘వారానికమ్మా ఏడు వారాలు’. ఒకే మాట రోజుకూ, ఏడు రోజులకూ. మొన్న ఒక బాబు, ‘కాదండీ, ఏడు వారాలూ శనివారాలేనండి’ అన్నాడు. వాళ్ళింట్లో వాడపల్లి వెంకన్న దగ్గరకు ఏడు శనివారాలు వెళ్తున్నారు. వాడు చెప్పింది తప్పని ఎలా అనగలను? ఆ పాదం వదిలేసి నేరుగా ఆదివారంతో ఎత్తుకుంటున్నాను.

పాటతో రానిది కూడా ఒకటుంది. ‘నిన్న ఏం వారం?’ అంటే పిల్లలు ఆదివారం నుంచి మొత్తం పాడుకుని వస్తారు, వెనక్కి నడవలేరు. దానికి గోడ మీద ఏడు అట్టముక్కలు వరసగా తగిలించి, వేలు పెట్టించి వెనక్కి చదివిస్తున్నాను.

నా తరగతిలో 18 మందే. అందరి బొటనవేళ్ళూ ఒక్క చూపులో కనిపిస్తాయి, అందుకే ఈ పాటతో ఇంకా నెట్టుకొస్తున్నాను. మీ గదిలో నలభై మంది ఉంటే బుధ, గురువారాల పాదాలు ముందే మార్చుకుని మొదలుపెట్టండి, వారానికి ఒక్కసారైనా మీరు నోరు కదపకుండా పాడించండి. గోదారి పాదం మాత్రం నేను ముట్టుకోను. ఈ ఏడూ కిటికీ దగ్గర ఒక పాప నిలబడుతోంది.