కోత నొప్పికి బాలింత ఏ మాత్ర వేసుకోవాలి? పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, ట్రమడాల్

మా చెల్లెలికి సిజేరియన్ అయిన నాలుగో రోజు ఇంటికి పంపించారు. వస్తూనే మందుల చీటీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టింది. నొప్పికి మూడు రాశారు. పారాసిటమాల్ 650, ఐబుప్రోఫెన్ 400, ఆ కింద ‘నొప్పి ఎక్కువైతే’ అని పారాసిటమాల్, ట్రమడాల్ కలిసిన మాత్ర.

వెంటనే ఫోన్. “అక్కా, వీటిలో పాలల్లోకి పోనిది ఏదో చెప్పు. అదొక్కటే వేసుకుంటా.”

నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. ఇలాంటి చీటీ చాలా ఇళ్లల్లో దిండు కింద ఉంటుంది. కానీ మా చెల్లెలి ప్రశ్నలోనే ఒక తిరకాసు ఉంది. ఈ మూడింటిలో పాలల్లోకి అసలు పోనిది ఏదీ లేదు. తల్లి మోతాదుతో పోల్చి చూస్తే ఎక్కువగా పోయేది పారాసిటమాల్, తర్వాత ట్రమడాల్, అన్నిటికన్నా తక్కువ ఐబుప్రోఫెన్. భయపడాల్సిన వరుస మాత్రం ఇది కాదు.

ముందు ఎందుకు పోతుందో చూద్దాం. మందు కడుపులోంచి రక్తంలోకి, రక్తంలోంచి పాలల్లోకి వెళ్తుంది. రక్తంలోని ప్రొటీన్‌కి అతుక్కుని ఉన్నంతసేపు అది గడప దాటలేదు. ఐబుప్రోఫెన్‌లో నూటికి 99 పాళ్లు అలా అతుక్కునే ఉంటుంది. పైగా అది కొంచెం ఆమ్ల గుణం ఉన్న మందు. పాలు రక్తం కంటే కాస్త ఆమ్లంగా ఉంటాయి కాబట్టి ఇలాంటి మందు రక్తం వైపే ఉండిపోతుంది. రెండు గంటల్లో సగం ఖర్చయిపోతుంది కూడా. పారాసిటమాల్ దీనికి తలకిందులు. చిన్న అణువు, ప్రొటీన్‌కి పెద్దగా అతుక్కోదు, ఆమ్లం గొడవ లేదు. అందుకే రక్తంలో ఎంత ఉంటే పాలల్లోనూ దాదాపు అంతే ఉంటుంది. ట్రమడాల్ క్షార గుణం ఉన్నది. పాలల్లోకి వచ్చాక వెనక్కి పోవడం దానికి కష్టం.

మొదటి మూడు నాలుగు రోజులు ఇంకో సంగతి ఉంది. రొమ్ములో పాలు తయారుచేసే కణాల మధ్య అప్పుడు సందులు తెరుచుకుని ఉంటాయి. మందులు ఇంకాస్త సులువుగా వస్తాయి. కానీ ఆ రోజుల్లో బిడ్డ తాగే ముర్రుపాలే చెంచాల లెక్క, అందుకని మొత్తం మీద అందేది తక్కువే.

ఇప్పుడు లెక్క. దీనికి కాగితం, పెన్ను చాలు. పాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకి కిలో బరువుకి 150 మిల్లీలీటర్లు తాగుతుందని అనుకుంటారు. పాలల్లో మందు ఎంత ఉందో తెలిస్తే బిడ్డకి కిలోకి ఎంత చేరుతుందో వస్తుంది. దాన్ని తల్లి కిలోకి వేసుకున్న మోతాదుతో భాగించి శాతం చూస్తారు. ఆ శాతం 10 కంటే తక్కువైతే మామూలుగా ఫరవాలేదంటారు. తల్లి 60 కిలోలు, బిడ్డ 3 కిలోలు అనుకుని మూడింటికీ కడదాం.

పారాసిటమాల్ 650 మాత్ర వేసుకున్న తల్లుల పాలల్లో అత్యధికంగా లీటరుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు కనిపించింది. అది మాత్ర వేసుకున్న గంట, రెండు గంటలకి ఉండే గరిష్ఠం. మనం రోజంతా 15 ఉందనే అనుకుందాం. బిడ్డ తాగే 450 మిల్లీలీటర్లలో 6.75 మిల్లీగ్రాములు వస్తుంది, అంటే కిలోకి 2.25. తల్లి రోజుకి నాలుగు మాత్రలు వేసుకుంటే కిలోకి 43. శాతం ఐదు పైచిలుకు. మూడింటిలో ఇదే పెద్ద అంకె. అయినా ఇదే బిడ్డకి జ్వరం వస్తే డాక్టరు ఒక్కసారికే కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే 30 నుంచి 45 వేయమంటారు. పాలల్లో రోజంతా కలిపి వచ్చేది అందులో నాలుగో వంతు కూడా లేదు.

ఐబుప్రోఫెన్ 400 ఆరు గంటలకొకసారి వేసుకున్న తల్లుల పాలను పరీక్షిస్తే, లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా పట్టగల పరీక్షకే అది దొరకలేదు. సరే, ఆ 1 ఉందనే అనుకున్నా బిడ్డకి రోజుకి 0.45 మిల్లీగ్రాములు. శాతం ఒకటి లోపు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గుండెలో మూసుకోని రక్తనాళం ఉంటే దాన్ని మూయడానికి ఇదే మందును కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టి ఇస్తారు. దాని పక్కన పెడితే ఈ 0.45 ఏ మూలకి?

ట్రమడాల్‌కి 2008లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన ఉంది. సిజేరియన్ అయిన 75 మంది తల్లులకి ఆరు గంటలకొకసారి 100 మిల్లీగ్రాములు ఇచ్చి రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు పాలు చూశారు. బిడ్డకి చేరింది ట్రమడాల్ 2.24 శాతం, అది శరీరంలో మారి తయారయ్యే ఇంకో పదార్థం 0.64 శాతం. మన 3 కిలోల బిడ్డకి కడితే ట్రమడాల్ రోజుకి 0.45 మిల్లీగ్రాముల దగ్గర తేలుతుంది.

అవును, ఐబుప్రోఫెన్‌కి వేసుకున్న అంకే. బిడ్డ కడుపులోకి పోయే మిల్లీగ్రాములు రెండింటివీ ఒకటే అయినప్పుడు, ఒకదాన్ని నేను నిశ్చింతగా వేసుకోమని రెండోదానికి ఆగమని ఎందుకు అంటున్నాను?

ఎందుకంటే ట్రమడాల్ పని చేసేది మెదడు మీద. అది శ్వాసను నెమ్మదింపజేసే జాతి మందు. దాని అసలు బలం ఆ మారిన పదార్థంలో ఉంది. కాలేయంలోని ఒక ఎంజైమ్ ఆ మార్పు చేస్తుంది. కొద్దిమందిలో పుట్టుకతోనే ఈ ఎంజైమ్ మహా వేగంగా పనిచేస్తుంది. అలాంటి తల్లి వేసుకునేది అందరిలాంటి మాత్రే, ఆమె రక్తంలో తయారయ్యే సరుకు మాత్రం ఎక్కువ. తనలో ఆ గుణం ఉందని ఆమెకీ తెలీదు, చీటీ రాసిన డాక్టరుకీ తెలీదు. అంటే పైన కట్టిన శాతం సగటు తల్లిది, ఎదురుగా కూర్చున్న తల్లిది కాదు.

ఈ భయం పుట్టిన కథ కెనడాది. 2005లో టొరంటోలో 13 రోజుల బిడ్డ చనిపోయింది. తల్లి కోత నొప్పికి పారాసిటమాల్‌తో కలిపిన కోడీన్ వేసుకునేది. మత్తు, మలబద్ధకం వచ్చి రెండో రోజే మోతాదు సగానికి తగ్గించింది. ఏడో రోజు నుంచి బిడ్డ సరిగా తాగకపోవడం, మగతగా ఉండటం మొదలైంది. కోడీన్ కూడా అదే ఎంజైమ్ ద్వారా మార్ఫిన్‌గా మారుతుంది, తల్లి వేగంగా మార్చే రకమని తేలింది. 2006లో ఈ కేసు అచ్చయ్యాక ప్రపంచమంతా ఉలిక్కిపడింది. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ పాలిచ్చే తల్లులకి కోడీన్‌తో పాటు ట్రమడాల్ కూడా వద్దంది.

అయితే ఆ కేసుకి కూడా మన లెక్కే కట్టి చూడండి. దాచిన పాలల్లో మార్ఫిన్ మిల్లీలీటరుకి 87 నానోగ్రాములు. దాన్ని 150తో గుణిస్తే బిడ్డకి కిలోకి రోజంతా కలిపి 0.013 మిల్లీగ్రాములు. వైద్యంలో పసిపిల్లలకి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఒక్క డోసు కంటే అది తక్కువ. అంత కొంచెంతో, పరీక్షలో బిడ్డ రక్తంలో కనిపించినంత మార్ఫిన్ ఎలా చేరిందని తర్వాత కెనడా పరిశోధకులే గట్టిగా ప్రశ్నించారు. ఆ ఆస్ట్రేలియా పరిశోధనలోనూ ట్రమడాల్ వేసుకున్న తల్లుల బిడ్డల ప్రవర్తనలో మిగతా పిల్లలకీ వీళ్లకీ తేడా కనిపించలేదు. కాబట్టి ట్రమడాల్ విషమని నేననను. ఒకటి రెండు రోజులు వేసుకున్నందుకు పాలు మాన్పించాల్సిన పనీ లేదు. నేననేది ఇంతే. మిగతా రెండింటితో నొప్పి ఆగుతుంటే దీని జోలికి పోవడం దేనికి?

బిడ్డ వయసు కూడా తూకంలో వెయ్యాలి. పాల ద్వారా మందు పడక ఇబ్బందిపడ్డ పిల్లల గురించి అచ్చయిన 100 కేసులను 2003లో ఒకచోట చేర్చి చూస్తే 78 మంది రెండు నెలల లోపు వాళ్లే. వాళ్ల కాలేయం, మూత్రపిండాలు ఇంకా పనిలో కుదురుకోలేదు. మందు కొంచెమే వచ్చినా బయటికి పోకుండా రోజురోజుకీ పేరుకుంటుంది. టొరంటో బిడ్డకి ఏడో రోజున గానీ లక్షణాలు కనపడకపోవడానికి ఇదే కారణమని మొదట అనుకున్నారు. సిజేరియన్ నొప్పి మాత్రలన్నీ సరిగ్గా ఆ వయసులోనే పడతాయి. నెలలు తక్కువ పుట్టిన బిడ్డయితే 10 శాతం గీతను నమ్ముకోకుండా పిల్లల డాక్టరును అడగాల్సిందే.

చెల్లెలికి చెప్పింది ఇది. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ రెండూ వేళకి వేసుకో. నొప్పి వచ్చాక వెతుక్కోవడం కాదు, వరసగా. రెండూ వేరే దారుల్లో పనిచేస్తాయి కాబట్టి కలిస్తే ఒక్కోదాని కంటే బాగా పట్టుకుంటాయి. ఐబుప్రోఫెన్ అన్నం తిన్నాక. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా, కాన్పులో బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ఐబుప్రోఫెన్ ముట్టకూడదు. చెల్లెలికి అవేవీ లేవు. అప్పటికీ ఓర్చుకోలేకపోతే రాత్రికి ఆ కలిపిన మాత్ర, రెండు మూడు రోజులకి మించకుండా. కానీ అది వేసుకునే పూట డోలో, అంటే ఆ పారాసిటమాల్ 650, వేసుకోకూడదు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో చూడు, ట్రమడాల్ 37.5తో పాటు పారాసిటమాల్ 325 ఉంటుంది. పేరు వేరు కాబట్టి మందు వేరనుకుని రెండూ మింగేవాళ్లను నేను వారానికొకరినైనా చూస్తాను.

ట్రమడాల్ వేసుకున్న రోజుల్లో గడియారం చూసుకోవాలి. బిడ్డ నాలుగు గంటలు దాటి నిద్రపోతున్నా, పాదం గిల్లినా లేవకపోయినా, రొమ్ము పట్టి రెండు సార్లు చప్పరించి వదిలేస్తున్నా, ఒళ్లు మెత్తగా వేలాడుతున్నా, ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా ఆ మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి. నీకే కళ్లు మూతలు పడుతుంటే అది కూడా ఒక గుర్తే. టొరంటో తల్లికి అదే జరిగింది.

ఇదంతా పక్కన కూర్చుని వింటున్న వాళ్ల అత్తగారు ఫోన్ అందుకున్నారు. “మాత్ర వేసుకున్నాక ఒకసారి పిండి పారబోసి అప్పుడు పట్టాలమ్మా. మా కాలంలో అట్లనే చేసేటోళ్లం.”

“పారబోయకండి అత్తయ్యా. రొమ్ములో ఉన్న మందు అక్కడే నిలవుండదు. రక్తంలో తగ్గుతుంటే పాలల్లోంచి మళ్లీ రక్తంలోకే వెనక్కి పోతుంది. పిండినంత మాత్రాన తొందరగా పోదు.” మాత్ర వేసుకునే ముందు బిడ్డకి కడుపునిండా పట్టేస్తే, మళ్లీ ఆకలేసే వేళకి ఐబుప్రోఫెన్ తగ్గుముఖం పట్టి ఉంటుందని కూడా చెప్పాను.

మర్నాడు పొద్దున చెల్లెలు రెండు ఫోటోలు పంపింది. ఒకటి, కలిపిన మాత్రల స్ట్రిప్, ఇంకా చింపలేదు. రెండోది, పాలు తాగడానికి నోరు తెరిచి ఏడుస్తున్న దాని కూతురు.