స్ట్రీమా, బ్యాచా? ఆలస్యంగా చేరిన రీడింగు చెప్పే సమాధానం

విశ్లేషణ కోసం డేటాను వచ్చింది వచ్చినట్టు స్ట్రీమ్‌లో లెక్కించాలా, లేక కూడబెట్టి రోజుకొకసారి బ్యాచ్‌లో లెక్కించాలా అని రుషికొండ, మధురవాడ కార్యాలయాల్లో పనిచేసే మిత్రులు నన్ను పదేపదే అడుగుతున్నారు. ఈ మధ్యనే మా బృందం ఒక పూర్తి స్ట్రీమ్ వ్యవస్థలో సగభాగాన్ని వెనక్కి, బ్యాచ్‌లోకి మార్చింది. ఆ అనుభవంతోనే నా సమాధానం రాస్తున్నాను. ఎంత వేగంగా కావాలి, ఎంత డేటా ఉంది అన్న ప్రశ్నలతో మొదలుపెట్టడం అలవాటైపోయింది గాని, నా దృష్టిలో నిర్ణయాన్ని తేల్చేది వేరే ప్రశ్న: ఒక రీడింగు ఆలస్యంగా చేరితే, అప్పటికే ఇచ్చేసిన సమాధానాన్ని మార్చవలసి ఉంటుందా, ఉండదా?

మా పని భీమవరం ప్రాంతం నుంచి విశాఖపట్నంలోని శీతల గిడ్డంగులకు గడ్డకట్టిన రొయ్యలను తెచ్చే రీఫర్ లారీలకు సంబంధించినది. సరుకు మైనస్ 18 డిగ్రీల వద్ద గాని అంతకంటే చల్లగా గాని ఉండాలి. దాదాపు 60 లారీల్లో ఒక్కొక్క పరికరం 30 సెకన్లకు ఒకసారి ఉష్ణోగ్రతను నమోదు చేసి పంపుతుంది. అంటే రోజుకు 1,72,800 రీడింగులు. ఒక్కొక్కటి 200 బైట్లు అనుకున్నా మొత్తం 35 ఎంబీ దాటదు. కాబట్టి డేటా పరిమాణాన్ని చూపి స్ట్రీమ్ కావాలనడానికి ఇక్కడ ఆస్కారమే లేదు.

ఈ రీడింగులను రెండు ప్రశ్నలు అడుగుతాము. మొదటిది, ఇప్పుడు ఏ లారీలోనైనా వేడి పెరుగుతున్నదా అన్నది. రెండవది, ఈ నెలలో ఏ ట్రిప్పులో ఉష్ణోగ్రత 15 నిమిషాల కంటే ఎక్కువసేపు మైనస్ 15 దాటి ఉన్నది, రవాణాదారుకు ఇవ్వవలసిన కిరాయిలో ఎంత కోత పెట్టాలి అన్నది. మొదట్లో ఈ రెండింటికీ డేటాను లెక్కించే స్పార్క్ ఇంజన్‌లో ఒకే స్ట్రీమ్ రాశాము. అందులో ముఖ్యమైన భాగం ఇది:

```python
(readings
  .withWatermark("event_time", "10 minutes")
  .groupBy("truck_id", window("event_time", "5 minutes"))
  .agg(max("temp_c"), count("*")))
```

దీని అర్థం, రీడింగు తీసిన సమయాన్ని బట్టి ఐదేసి నిమిషాల గడులుగా విడగొట్టి, పది నిమిషాల వరకు ఆలస్యాన్ని సహించి, ఆ తరువాత గడిని మూసివేయమని. ఒక రాత్రి తుని దాటిన తరువాత ఒక లారీలో మోడెం ఆగిపోయింది. 12:10 నుంచి 12:50 వరకు రీడింగులు పరికరంలోనే నిలిచిపోయి, మోడెం తిరిగి పనిచేయగానే మొత్తం 80 రీడింగులు ఒక్కసారిగా వచ్చాయి. ఈలోగా మిగిలిన లారీల రీడింగులు యథాప్రకారం వస్తూనే ఉన్నందువల్ల, తాజా రీడింగుకు పది నిమిషాలు వెనుకగా నడిచే గీత, అంటే వాటర్‌మార్క్, 12:40కి చేరుకుంది. ఆ సమయానికల్లా ముగిసిన గడులన్నీ మూతపడ్డాయి. వచ్చిన 80లో 60 రీడింగులు ఎక్కడా చేరకుండా పోయి, చివరి 20 మాత్రమే లెక్కలోకి వచ్చాయి. లారీలో వేడి పెరిగినది 12:15కు, తిరిగి తగ్గినది 12:35కు. అంటే కోత పెట్టవలసిన ఆ 20 నిమిషాలూ పోయిన 60 రీడింగుల్లోనే ఉన్నాయి. నివేదిక ఆ ట్రిప్పును నిర్దోషమని చెప్పింది. సరుకు దింపుకునేటప్పుడు గిడ్డంగి సిబ్బంది పరికరం జ్ఞాపకంలోని పూర్తి రికార్డును విడిగా చూసినందువల్ల మాత్రమే తేడా బయటపడింది.

ఇందులో నన్ను బాగా కలవరపెట్టినది, ఎక్కడా ఒక్క ఎర్రర్ కూడా రాకపోవడం. స్పార్క్ ఇలా వదిలేసిన వరుసల సంఖ్యను ప్రతి విడత పురోగతి సమాచారంలో `numRowsDroppedByWatermark` అన్న పేరుతో చూపిస్తుంది గాని, దాన్ని ఎవరూ గమనించకపోతే డ్యాష్‌బోర్డు మామూలుగానే కనిపిస్తుంది. స్ట్రీమ్ నడుపుతున్నవారు ఈ సంఖ్య సున్నా దాటితే కబురు వచ్చేటట్టు ఈ రోజే ఏర్పాటు చేసుకోవాలని నా విన్నపం.

వాటర్‌మార్క్‌ను పది నిమిషాల నుంచి రెండు గంటలకు పెంచవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. మాకూ తోచింది. కానీ గడి మూతపడిన తరువాతే ఫలితం రాసే అపెండ్ పద్ధతిలో, ఆ పెంపు వల్ల ప్రతి ఫలితమూ రెండు గంటలు ఆలస్యమవుతుంది. ఎప్పటికప్పుడు సవరించిన ఫలితాన్ని పంపే అప్‌డేట్ పద్ధతి ఎంచుకుంటే, గత రెండు గంటల్లోని గడులన్నింటినీ జ్ఞాపకంలో మోయడమే కాకుండా, ఫలితాన్ని అందుకునే పట్టిక కూడా సవరణలను స్వీకరించగలిగి ఉండాలి. పైగా మోడెం రెండు గంటలే ఆగుతుందని హామీ ఇచ్చేవారు లేరు. మరమ్మతుకు వెళ్ళిన పరికరం వారం తరువాత కూడా పాత రీడింగులు పంపుతుంది. ఓపికను పెంచుకుంటూ పోయిన కొద్దీ స్ట్రీమ్ క్రమంగా బ్యాచ్‌గా మారిపోతుంది. 24 గంటలూ యంత్రాన్ని నడిపే ఖర్చు మాత్రం అలాగే మిగులుతుంది.

దీనికి తోడు గడియారం చిక్కు ఒకటి ఉంది. స్పార్క్ వాటర్‌మార్క్‌ను లారీకొకటి చొప్పున కాకుండా, ఆ స్ట్రీమ్ మొత్తంలో తాను చూసిన అన్నిటికంటే తాజా సమయం నుంచి లెక్కకడుతుంది. ఒక్క పరికరం గడియారం చెడి రేపటి తేదీతో రీడింగు పంపితే చాలు, వాటర్‌మార్క్ ఒక్క ఉదుటున రేపటికి దూకి, సక్రమంగా పనిచేస్తున్న మిగిలిన 59 లారీల రీడింగులన్నీ ఆలస్యమైనవిగా లెక్కకు వచ్చి పోతాయి. కాబట్టి రీడింగు సమయం అది మనకు చేరిన సమయం కంటే ఐదు నిమిషాలకు మించి భవిష్యత్తులో ఉన్నట్లయితే, దాన్ని `withWatermark`కు ముందే వేరుచేసి పక్కన పెట్టాలి. స్పార్క్ లాంటి మరో ఇంజన్ ఫ్లింక్‌లో చిక్కు ఇంకొక విధంగా వస్తుంది. అక్కడ వాటర్‌మార్క్ వేర్వేరు పాయల్లో అన్నిటికంటే వెనుకబడిన దాన్ని అనుసరిస్తుంది గనుక, ఒక పాయలో డేటా రావడం ఆగిపోతే ఫలితాలన్నీ నిలిచిపోతాయి. `withIdleness` పెట్టుకోవడం అందుకే.

బ్యాచ్‌లో ఇదే రాత్రి ఎలా గడుస్తుందో చూడండి. వచ్చిన ప్రతి రీడింగునూ మార్పు లేకుండా నిల్వ చేసి, తెల్లవారుజామున రెండు గంటలకు ఒక పని నడుస్తుంది. గత 24 గంటల్లో చేరిన రీడింగులు ఏ ఏ తేదీలకు చెందినవో అది ముందుగా చూసి, ఆ తేదీల ఫలితాలను మొదటి నుంచి లెక్కించి పాతవాటి స్థానంలో రాస్తుంది. 12:50కి వచ్చిన 80 రీడింగులూ అవి తీసిన సమయాల కిందనే లెక్కలోకి చేరతాయి. గడియారం చెడిన పరికరం తన రీడింగులను తప్పు తేదీలో పడేసుకుంటుందే గాని పక్క లారీ లెక్కను చెడగొట్టలేదు. కోత నియమంలో పొరపాటు దొరికితే కోడ్ సరిచేసి నెలంతా మళ్ళీ నడపవచ్చు, ఎన్నిసార్లు నడిపినా ఒకే ఫలితం వస్తుంది. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. స్పార్క్‌లో తేదీలవారీగా పార్టిషన్ చేసిన పట్టికపై తేదీ విలువ చెప్పకుండా `INSERT OVERWRITE` చేస్తే, అప్రమేయ అమరికలో మనం లెక్కించని తేదీలు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. అందుకని ముందుగా ఈ వరుస ఉండాలి:

```sql
SET spark.sql.sources.partitionOverwriteMode=dynamic;
```

ఈ పని మాకు రోజుకు రెండు నిమిషాలు, అంటే నెలకు ఒక గంట నడుస్తుంది. స్ట్రీమ్ యంత్రం నెలకు 720 గంటలు నడవాలి, అది రాత్రి మూడు గంటలకు ఆగితే లేచి చూసే మనిషి కూడా ఉండాలి. డబ్బు లెక్క కంటే ఆ మనిషి నిద్రనే నేను పెద్ద ఖర్చుగా భావిస్తాను.

ఇంత చెప్పిన తరువాత కూడా మొదటి ప్రశ్నకు, అంటే హెచ్చరికకు, మేము స్ట్రీమ్‌నే ఉంచుకున్నాము. డ్రైవరుకు ఫోన్ చేసి తలుపు సరిగా పడిందో లేదో, కంప్రెసర్ నడుస్తున్నదో లేదో చూడమని చెప్పడానికి గడిచిపోయిన 40 నిమిషాల సంగతి ఆలస్యంగా తెలిసి ప్రయోజనం లేదు; ఆ రీడింగులు పోయినా హెచ్చరిక నాణ్యత తగ్గదు. ఐదు నిమిషాలకొకసారి నడిచే చిన్న బ్యాచ్‌తో ఇది సరిపోతుందని మొదట నేను వాదించాను, వేగం ఒక్కటే చూస్తే నిజంగా సరిపోతుంది కూడా. కానీ రీఫర్ యంత్రం మంచు కరిగించుకునే డీఫ్రాస్ట్ సమయంలో పెట్టెలోని గాలి కొద్దిసేపు వేడెక్కడం సహజం గనుక, పది నిమిషాలపాటు ఆగకుండా వేడి ఉంటేనే ఫోన్ చేయాలి. అంటే వేడి ఎప్పుడు మొదలైంది, ఫోన్ ఇప్పటికే చేశామా, ఆ లారీ నుంచి చివరి రీడింగు ఎప్పుడు వచ్చింది అన్నవి ప్రతి విడతా గుర్తుంచుకోవాలి. ఆ జ్ఞాపకాన్ని మేము చేత్తో రాసిన పట్టికలో ఉంచినప్పుడు, పని మధ్యలో ఆగిన ప్రతిసారీ ఒకే డ్రైవరుకు రెండు ఫోన్లు వెళ్ళేవి. లారీవారీగా స్థితినీ టైమర్‌నూ నమ్మకంగా నిలుపుకోవడం స్ట్రీమ్ ఇంజన్లకు సహజమైన విద్య. పది నిమిషాలు రీడింగు రాకపోతే ఆ మౌనాన్నే హెచ్చరికగా పంపగలిగేది కూడా ఆ టైమరే. తుని దాటిన ఆ లారీ విషయంలో మాకు అప్పుడు లేనిది అదే.

స్ట్రీమ్‌కు ప్రత్యామ్నాయమే లేని సందర్భం కావాలంటే చెల్లింపుల వైపు చూడాలి. ఒక కార్డు గత పది నిమిషాల్లో ఎన్నిసార్లు వాడబడిందో చూసి లావాదేవీని ఆపాలంటే, అనుమతి ఇచ్చేలోపే, క్షణాల్లో ఆ లెక్క సిద్ధంగా ఉండాలి. డబ్బు చేతులు మారిన తరువాత వచ్చే సమాధానం విచారణకు పనికివస్తుందే గాని ఆపడానికి కాదు. అదే బ్యాంకు నెలాఖరు మోసాల నివేదిక మాత్రం మళ్ళీ బ్యాచ్ పనే, ఎందుకంటే ఖాతాదారుల ఫిర్యాదులు రోజుల తరువాత వచ్చి పాత లెక్కను మారుస్తాయి.

మధ్యే మార్గాల గురించి క్లుప్తంగా చెబుతాను. ఒకే లెక్కను స్ట్రీమ్‌లోనూ బ్యాచ్‌లోనూ రెండుసార్లు రాసే లాంబ్డా పద్ధతిలో రెండు కోడ్‌లు కొంతకాలానికి రెండు వేర్వేరు జవాబులు చెప్పడం మొదలుపెడతాయి. స్ట్రీమ్ కోడ్‌ను `availableNow` ట్రిగ్గర్‌తో రోజుకొకసారి నడిపి ఆపడం ఖర్చు తగ్గిస్తుంది గాని వాటర్‌మార్క్ చిక్కును తీర్చదు. ఇక అన్నింటినీ, డేటాను స్ట్రీమ్‌కు అందించే కాఫ్కా నుంచే మళ్ళీ చదువుకుందామనుకునేవారు, మార్చకపోతే అక్కడ డేటా ఏడు రోజులే ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మా దగ్గర ముడి రీడింగులు ఒకే చోట నిలువ ఉంటాయి, రెండు పనులూ అవే రీడింగులపై నడుస్తాయి. హెచ్చరిక స్ట్రీమ్ ఇచ్చిన ఏ అంకెనూ కిరాయి బిల్లు పట్టికలోకి రానివ్వము. రవాణాదారు వచ్చి, తన లారీకి ఆ రాత్రి ఫోనే రాలేదు కదా, కోత ఎందుకని అడిగితే, 12:15 నుంచి 12:35 వరకు ఉన్న 40 రీడింగులనూ, వాటి పక్కనే అవి మాకు చేరిన సమయాన్నీ తెరిచి చూపించగలుగుతున్నాము.